సంధి కార్డులు: పిల్లలే రాసి, మార్చుకుని, ఒకరిదొకరు దిద్దుకునే ఆట ఎలా పెట్టాలి

తొమ్మిదో తరగతిలో ఎవరినైనా లేపి "సూర్యోదయం ఏ సంధి?" అని అడగండి. "గుణసంధి సార్" అని టక్కున వస్తుంది. వెంటనే "మనోహరం?" అనండి. అంతే ధైర్యంగా "గుణసంధి సార్" అనే వస్తుంది. ఓ వినబడితే గుణం, ఐ వినబడితే వృద్ధి, యవత్తు కనబడితే యణాదేశం. పదం వాలకం చూసి పేరు పెట్టేస్తున్నారు తప్ప లోపల ఏది దేనితో కలిసిందో చూడటం లేదు. మనోహరంలో ఉన్నవి మనః, హరం. అక్కడ అచ్చుకు అచ్చు తగలనే లేదు, విసర్గ మారి ఓ అయింది.

పిల్లల చేత వ్యాకరణం కార్డులు రాయించడం చాలా బళ్లలో ఉన్నదే. ముందు పక్క పదం, వెనక పక్క సంధి పేరు, ఇద్దరిద్దరు కూర్చుని అడుక్కోవడం. అలా రాయిస్తే పైన చెప్పిన జబ్బు తగ్గకపోగా ముదురుతుంది. వాలకం చూసి పేరు చెప్పడం పీరియడంతా సాధన చేయించినట్టు అవుతుంది కాబట్టి. పైగా ఒకడు తప్పు రాస్తే ఆ తప్పు చేతులు మారుతూ సాయంత్రానికి తరగతి మొత్తానికీ అంటుకుంటుంది. అందుకే ఈ ఆటలో అసలు పని రెండు చోట్ల ఉంది: కార్డు వెనక పక్క ఏముండాలి, దిద్దేవాళ్లు ఏ వరసలో అడగాలి. ఈ రెండూ బిగిస్తే మిగతాదంతా పిల్లలే నడుపుకుంటారు.

ముందు మీరు తేల్చుకోవలసినవి

అన్ని సంధులూ ఒకేసారి పెట్టకండి. మొదటిసారికి సంస్కృత సంధులు నాలుగు (సవర్ణదీర్ఘ, గుణ, వృద్ధి, యణాదేశ), తెలుగు సంధులు రెండు (అకార, ఉకార) చాలు. ఈ ఆరింటిలోనూ అచ్చూ అచ్చూ కలుస్తాయి కాబట్టి ఒకే ప్రశ్న అన్నింటికీ పనికొస్తుంది. గసడదవాదేశం, సరళాదేశం, త్రికం లాంటివి రెండో విడతకు ఉంచండి. అక్కడ హల్లుల మార్పులు వచ్చి ఆ ప్రశ్న మారిపోతుంది.

పాఠం చెప్పకముందు ఈ ఆట పెట్టకూడదు. సూత్రాలు ఒకసారి నడిచి, పిల్లలు పుస్తకంలో ఉదాహరణలు చూసి ఉండాలి. ఆ తర్వాత మూడు పీరియడ్లు కేటాయించండి: ఒకటి రాయడానికి, ఒకటి పాసు చేయడానికి, ఒకటి మార్చుకోవడానికి. మూడూ వరసగా రోజుకొకటి పడితే మేలు, మధ్యలో ఆదివారం పడితే కార్డులు సగం ఇంటి దగ్గరే ఉండిపోతాయి.

కార్డులకు డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. మా నెల్లూరు వైపు మూఢాలు వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే ప్రతి ఇంట్లోనూ శుభలేఖలు పేరుకుంటాయి. అచ్చు లేని పక్కను కత్తిరించి, రెండు ముక్కలు వీపులు కలిపి అంటిస్తే గట్టి కార్డు. పాత నోట్సుల అట్టలైనా సరే. సైజు మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి, పోస్టుకార్డులో సగం సరిపోతుంది. కొలత లేకపోతే కట్టలు కట్టేటప్పుడు చిన్నవి జారిపోతాయి. పెన్నుతోనే రాయించండి, పెన్సిల్ వద్దు. చెరిపి దిద్దుకున్న కార్డులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలియదు. తప్పు దొరికితే గీత కొట్టి పక్కన రాయాలి.

కార్డు రాయించడం

36 మంది ఉన్న తరగతి అనుకుందాం. ఒక్కొక్కరూ మూడు కార్డులు రాయాలి. మొదటి రెండూ జంట, మూడోది ఉచ్చు.

జంట అంటే ఒకేలా మొదలై వేరే దారి పట్టే రెండు పదాలు. అభీష్టం, అభ్యుదయం తీసుకోండి. రెండింటిలోనూ ముందున్నది అభి. ఇష్టం వచ్చి చేరితే ఇ, ఇ కలిసి దీర్ఘమై అభీష్టం అయింది, అది సవర్ణదీర్ఘం. ఉదయం వచ్చి చేరితే ఇకారం యకారంగా మారి అభ్యుదయం అయింది, అది యణాదేశం. దేశోన్నతి, దేశౌన్నత్యం ఇంకో జంట. ఉన్నతి చేరితే గుణం, ఔన్నత్యం చేరితే వృద్ధి. విడివిడిగా రాసిన కార్డు పేరు అడుగుతుంది, జంటగా రాసిన కార్డు "ఎందుకు మారింది?" అని అడుగుతుంది. జంటను వెతకడంలోనే రాసేవాళ్లకు సగం పాఠం వచ్చేస్తుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైన జంట రామానుజుడు, రామయ్య. రెండింటిలోనూ ముందున్నది రామ, వెనకున్న మాట అకారంతోనే మొదలవుతుంది. రామ, అనుజుడు కలిస్తే దీర్ఘం వచ్చింది. రామ, అయ్య కలిస్తే దీర్ఘం రాలేదు, ముందున్న అకారం జారిపోయింది. ఎందుకంటే అనుజుడు సంస్కృతం నుంచి వచ్చిన మాట, అయ్య తెలుగు మాట. రెండు ముక్కలూ సంస్కృతానివైతేనే సవర్ణదీర్ఘం. ఒక ముక్క తెలుగుదైతే "అత్తునకు సంధి బహుళము" అన్న తెలుగు సూత్రం దగ్గరికి రావాలి. పిల్లలకు ఇది పుస్తకంలో చదివితే ఎక్కదు. హాజరుపట్టీ తెరిచి పెంచలయ్య, మాలకొండయ్య, రమణయ్య, సీతమ్మ అని వాళ్ల ఇళ్లలో వినబడే పేర్లే రాయించండి. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. "పెంచలాయ్య అని ఎందుకు పిలవం సార్?" అని ఒక పిల్ల అడిగిందంటే అకారసంధి ఎక్కినట్టే.

మూడోది ఉచ్చు కార్డు. చూడగానే ఒక సంధిలా కనబడి, నిజానికి అది కాకపోవాలి. మనోహరం అలాంటిదే. ఉదయగిరి ఇంకోటి, ఉదయ, గిరి రెండూ పక్కపక్కన చేరాయి తప్ప అక్కడ ఏ అక్షరమూ మారలేదు, సంధే లేదు. "సంధి లేదు" అన్న జవాబు కూడా ఉండవచ్చని తెలిస్తేనే పిల్లలు పదాన్ని నిజంగా చూస్తారు. లేకపోతే ఆరు పేర్లలో ఒకటి కొట్టేద్దాం అనుకుంటారు.

పొడవాటి పదం రాసేవాళ్లకు ఒక హెచ్చరిక చెప్పండి. నెల్లూరు మూలపేటలో ఉన్న గుడి పేరు, మూలస్థానేశ్వరాలయం, ఎవరో ఒకరు తప్పక తెస్తారు. మంచి పదమే. కానీ అందులో అతుకులు రెండు: మూలస్థాన, ఈశ్వర కలిసినచోట గుణసంధి, ఈశ్వర, ఆలయం కలిసినచోట సవర్ణదీర్ఘం. కార్డు ఏ అతుకును అడుగుతోందో చెప్పకపోతే జవాబు చెప్పేవాడు ఒకటీ, దిద్దేవాడు ఇంకోటీ పట్టుకుని పోట్లాడుకుంటారు. అడిగే అతుకు ఉన్న అక్షరం కింద గీత గీయాలన్నది నియమం.

కార్డు ఇలా ఉండాలి. ముందు పక్క పదాన్ని ఒంటరిగా కాకుండా చిన్న వాక్యంలో పెట్టించండి:

ముందు: గ్రామ అభ్యుదయం కోసం అందరూ కలిసి పనిచేశారు. (గీత గీసిన మాటను విడదీయి.)

వెనక:
అభి + ఉదయం
ఇ + ఉ, ఇకారం పోయి య్ వచ్చింది
యణాదేశ సంధి
పుస్తకంలో పుట సంఖ్య
రాసినవారి పొడి అక్షరాలు

వెనక పక్క రెండో వరస ముఖ్యం. మిగతావన్నీ గైడులోంచి ఎత్తి రాయవచ్చు, ఆ వరస మాత్రం సొంతంగా ఆలోచిస్తే తప్ప రాదు. సూత్రం మొత్తం దించి రాయనివ్వకండి. "ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైనప్పుడు" అని మొదలుపెట్టి రాసిన పిల్లవాడు ఈ పదంలో ఉన్నది ఇ యా, ఉ యా అన్నది చెప్పకుండానే తప్పించుకుంటాడు. పుట సంఖ్య ఎందుకంటే, రేపు తగాదా వస్తే ఏ పేజీ తెరవాలో తెలియాలి. పదం పుస్తకంలో లేకపోతే ఆ సంధి సూత్రం ఉన్న పేజీ రాస్తే చాలు.

రెండు రూపాలూ ఒప్పే పదాలు వచ్చినప్పుడు రెండూ వెనక రాయాలి. మొదటి విడతలో ఇకారసంధి వద్దన్నా ఎవరో ఒకరు ఏమి, అంటివి కలపమని రాసుకొస్తారు. అక్కడ ఏమంటివి ఒప్పే, ఏమియంటివి కూడా ఒప్పే. వైకల్పికం అంటేనే అది. ఒక్క జవాబే రాసి ఉంటే రెండోది చెప్పిన పిల్లకు అన్యాయంగా తప్పు పడుతుంది. పేర్ల సంగతీ అంతే: అకారసంధి, అత్వసంధి ఒకటే, ఉకారసంధి, ఉత్వసంధి ఒకటే. ఏ పేరు చెప్పినా ఒప్పు అని మొదటి రోజే బోర్డు మీద రాసి ఉంచండి.

చేతులు మారకముందు పాసు చేయడం

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఈ మెట్టు లేకుండా ఆట పెట్టకండి, దానికంటే మామూలు పాఠమే నయం.

రెండో పీరియడులో ఇద్దరిద్దర్ని జతలు చేయండి. ఒక జత కార్డులు ఆరూ పక్క జతకు వెళ్తాయి. వాళ్లు ప్రతి కార్డుకూ రెండు పరీక్షలు పెట్టాలి.

మొదటిది అర్థం పరీక్ష: విడదీసిన రెండు ముక్కలకీ విడిగా అర్థం ఉందా? సూర్యోదయాన్ని సూర్య, ఓదయం అని విడదీసినవాడు ఇక్కడే దొరికిపోతాడు. ఓదయం అన్న మాట లేదు.

రెండోది తిరిగి కలిపే పరీక్ష: ముక్కల్ని సూత్రం ప్రకారం మళ్లీ కలిపితే ముందు పక్క ఉన్న పదమే, అదే గుణింతంతో, తిరిగి రావాలి. దేశౌన్నత్యాన్ని ఒకరు దేశ, ఉన్నత్యం అని విడదీశారనుకోండి. అకారం, ఉకారం కలిస్తే ఓ. అంటే దేశోన్నత్యం రావాలి. కార్డు మీద ఔత్వం ఉంది, కాబట్టి విడదీసింది తప్పు. రెండో ముక్క ఔతోనే మొదలవ్వాలి. ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు, పదమే చెప్పేస్తుంది. పిల్లలు ఒకరినొకరు దిద్దుకోవడానికి సంధి పాఠం ఇంత బాగా కుదరడానికి కారణం కూడా ఇదే. జవాబు సరైనదో కాదో తేల్చే సాధనం పాఠంలోనే ఉంది.

ఈ రెండు పరీక్షలూ పట్టుకోలేని తప్పు ఒకటుంది, అది మీరు తెలిసి ఉండాలి. మహోన్నతాన్ని మహ, ఉన్నతం అని రాస్తారు. కలిపితే మహోన్నతమే వస్తుంది, పేరు గుణసంధే. అయినా ముక్క తప్పు, అక్కడ ఉండాల్సింది మహా. మహర్షి, మహేంద్రుడు విషయంలోనూ ఇదే. దీర్ఘమైనా హ్రస్వమైనా ఒకే ఫలితం వచ్చే చోట్ల తిరిగి కలపడం సాయపడదు. కాబట్టి "మహ" అని కనబడితే పుస్తకం తీయాలని ముందే చెప్పి ఉంచండి.

రెండు పరీక్షలూ నెగ్గిన కార్డు మూల పాసు చేసినవాళ్లిద్దరూ పొడి అక్షరాలు వేయాలి. ఆ కార్డులో తర్వాత తప్పు దొరికితే రాసినవాళ్లదే కాదు, సంతకం పెట్టినవాళ్లది కూడా బాధ్యత. ఈ మాట చెప్పగానే పిల్లల చూపు మారుతుంది. నెగ్గని కార్డు చింపకూడదు, రాసినవారికే తిరిగి ఇచ్చి, ఏ పరీక్షలో పోయిందో చెప్పాలి. గీత కొట్టి దిద్దుకుని మళ్లీ తెస్తారు.

ఈ పీరియడులో మీ పని తిరుగుతూ ఉండటం. కార్డులన్నీ దిద్దాలనుకోకండి, 108 కార్డులు ఒక్క పీరియడులో అయ్యే పని కాదు. వెనక పక్క రెండో వరస మాత్రం చూసుకుంటూ వెళ్లండి. అది ఖాళీగా ఉంటేనో, "అ, ఉ కలిసి" అని ఉండాల్సిన చోట "ఓ వచ్చింది కాబట్టి" అని ఉంటేనో ఆ కార్డు పాసవకూడదు.

మార్చుకునే రోజు

బల్లల మధ్య ఇది కుదరదు. వరండాలోనో, ఎండ లేకపోతే వేపచెట్టు కిందో రెండు వరసలుగా ఎదురెదురు నిలబెట్టండి, అటు 18, ఇటు 18. అందరి చేతిలో ఒక్కొక్క కార్డు, రఫ్ నోట్సు, పెన్ను. మిగతా కార్డులు మీ బల్ల మీద.

ఎదురుగా ఉన్నవాళ్లు ఒకరినొకరు అడుగుతారు. ఇద్దరి వంతూ అయ్యాక కార్డులు మార్చుకుంటారు. ఈల వేయగానే ఒక వరస మాత్రం ఒక అడుగు కుడికి జరుగుతుంది, చివరివాళ్లు పరుగెత్తి మొదటికి వస్తారు. ఇప్పుడు ఎవరి చేతిలోనూ తాము రాసిన కార్డు లేదు. ఇంతకుముందే తాము జవాబు చెప్పిన కార్డు ఉంది, దాన్ని కొత్తవారిని అడగాలి, తప్పితే వివరించాలి. నేర్పడం అన్నది ఇక్కడ జరుగుతుంది. నిమిషం కిందట తెలియనిది ఇప్పుడు ఇంకొకరికి చెప్పాల్సి రావడంలో.

ఒక్కో మార్పుకు నాలుగు నిమిషాలు ఇవ్వండి. మొదటి రెండు మార్పులూ గందరగోళంగా ఉంటాయి, పట్టించుకోకండి. పిల్లల సంఖ్య బేసి అయితే మిగిలినవారికి తగాదా పెట్టె అప్పగించండి. దాని సంగతి కింద చెప్తాను.

దిద్దేవారి నియమాలు

జవాబు నోటితో కాదు, రాతలో. రఫ్ నోట్సులో రెండు ముక్కలూ రాసి చూపించాలి. నోటితో చెబితే గురు, ఉపదేశం అన్నాడో, గురు, ఊపదేశం అన్నాడో హడావిడిలో తెలియదు. సవర్ణదీర్ఘంలో ప్రాణం ఆ హ్రస్వదీర్ఘాల్లోనే ఉంది.

దిద్దేవారు మూడు ప్రశ్నలు ఈ వరసలోనే అడగాలి: ఎక్కడ విరిగింది? ఏదీ ఏదీ కలిశాయి? పేరేంటి? మొదటి ప్రశ్నకు జవాబు సరిపోతేనే రెండోది, రెండోది సరిపోతేనే మూడోది. పేరు ముందే అరిచేసినవారికి ఆ పేరు లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఈ నియమం కాస్త మొండిగా అనిపిస్తుంది. సడలించారో, అయిదు నిమిషాల్లో తరగతంతా పేర్లు అరుచుకునే దగ్గరికి తిరిగొస్తుంది.

తప్పు చెబితే దిద్దేవారు జవాబు చెప్పకూడదు. "తప్పు" అని ఊరుకోకూడదు కూడా. "నువ్వు రాసింది కలిపి చూడు" అనాలి. అంతే, ఇంకే సూచనా వద్దు. ఇది ఎలా నడుస్తుందో చూడండి. అభ్యుదయం కార్డు పట్టుకున్న అబ్బాయి ఎదుటివాడిని అడుగుతున్నాడు.

"యాడ విరిగిందిరా?"

"అభ్య, ఉదయం."

"రాసినావు గదా, కలుపు మళ్లా."

"అ, ఉ కలిస్తే ఓ. అభ్యోదయం."

"కార్డు మీద అట్ట ఉండాదా?"

"లేదు. ఉకారం ఉండాది... అభి. అభి, ఉదయం."

"ఇప్పుడు చెప్పు, ఏదీ ఏదీ కలిశాయి?"

"ఇ, ఉ."

"ఇ ఏమైంది?"

"య అయింది. యణాదేశం!"

ఈ నాలుగు మాటల్లో దిద్దినవాడు ఒక్క జవాబూ అందించలేదని గమనించండి. అభ్యోదయం అని పోస్టర్ల మీద రాసేవాళ్లు పెద్దల్లోనే ఉన్నారు, ఈ పిల్లవాడికి ఇక ఆ తప్పు రాదు.

రెండో ప్రయత్నంలోనూ రాకపోతే కార్డు తిప్పి చూపించాలి. చూసినవారు వెనకనున్నది చదివి వదిలేయకూడదు, కార్డు మూసి, కారణం సొంత మాటల్లో దిద్దేవారికి చెప్పాలి. చెప్పాకే మార్పు. ఎందుకంటే వచ్చే ఈలకు ఆ కార్డు వాళ్ల చేతిలోనే ఉంటుంది.

మార్కులు పిల్లలకు వేయకండి, కార్డుకు వేయించండి. మొదటిసారే మూడు ప్రశ్నలూ దాటితే కార్డు వెనక మూల చిన్న గీత. ఎక్కడైనా తడబడితే చుక్క. ఎవరికి చుక్క పడిందో ఎక్కడా రాయరు. మనిషికి మార్కులు వేయించిన రోజు స్నేహితులు ఒకరికొకరు గీతలు పెట్టుకుంటారు, పడనివాళ్లు చుక్కలు పెట్టుకుంటారు, మీరు తీర్పులు చెప్పుకుంటూ తిరగాలి.

ఇక వెనకనున్న జవాబే తప్పని ఎవరికైనా అనిపిస్తే? వాదించుకోకూడదు. కార్డును తగాదా పెట్టెలో వేసి, బల్ల మీద నుంచి ఇంకోటి తీసుకుని ఆట సాగించాలి. ఒక్క తగాదా దగ్గర ఆగితే వరస మొత్తం ఆగిపోతుంది.

తగాదా పెట్టె

ఖాళీ చాక్‌పీసు పెట్టె చాలు. చివరి పది నిమిషాలు దీనికి ఉంచండి. పెట్టె బాధ్యత తీసుకున్న పిల్ల ఒక్కో కార్డు చదువుతుంది. మొదట వెనకనున్న పుట సంఖ్య తెరవాలి. అక్కడ తేలితే సరే. తేలకపోతే బళ్లో ఉన్న నిఘంటువులో ముక్కల్ని వెతకాలి. అక్కడా తేలకపోతే మీ దగ్గరికి వస్తుంది. మీకూ నిలకడగా చెప్పే ఆధారం లేకపోతే కార్డును ఆటలోంచి తీసేయండి. సార్ చెప్పారు కాబట్టి ఒప్పు అన్న తీర్పు ఈ పెట్టెలో ఉండకూడదు.

మన జిల్లాలో ఈ పెట్టెలోకి దాదాపు ఖాయంగా వచ్చే కార్డు నెల్లూరు. ఒకరు నెల్లు, ఊరు అని విడదీసి ఉకారసంధి అని రాస్తారు. ఇంకొకరు నెల్లి, ఊరు అంటారు. నెల్లు అంటే వరి, పెన్నా కింద వరి పండే సీమ కాబట్టి ఆ పేరు అని ఒక మాట. నెల్లి అంటే ఉసిరి, ఉసిరిచెట్టు కింద శివలింగం వెలసిందని స్థలపురాణం చెప్పే మాట ఇంకోటి. అర్థం పరీక్షలో రెండూ నెగ్గుతాయి. కలిపితే రెండింటికీ నెల్లూరే వస్తుంది. సూత్రం సాయంతో దీన్ని తేల్చలేం, ఇది ఊరి పేరు పుట్టుక గురించిన ప్రశ్న. ఇలాంటి కార్డును తీసేస్తూ ఎందుకు తీసేస్తున్నామో తరగతికి చెప్పండి. ఆ తర్వాత ఊళ్ల పేర్లు రాసేటప్పుడు పిల్లలే ఆగి ఆలోచిస్తారు. కావలి, గూడూరు, కందుకూరు అంటూ ప్రతి ఊరినీ విరగ్గొట్టాలన్న సరదా తగ్గుతుంది.

చెడిపోయే తీరులు

ఆట బయటికి బాగా కనబడుతూ లోపల చెడిపోతుంటే గుర్తుపట్టడానికి చెవి పెట్టి వినండి. గట్టిగా సంధి పేర్లే వినబడుతుంటే మూడు ప్రశ్నల వరస పోయిందన్నమాట. "అ, ఉ", "కలుపు", "మళ్లా రాయి" అన్న మాటలు వినబడుతుంటే సరిగ్గా నడుస్తోంది. చాలా త్వరగా కార్డులు మారుతుంటే కూడా అనుమానించాలి. జవాబు నోటితో చెప్పించుకుని పంపించేస్తున్నారు.

బాగా చదివే పిల్ల ఎదురుపడగానే కొందరు కార్డు ఆమెకే ఇచ్చి "నువ్వే చెప్పేయక్కా" అంటారు. ఆమె చెప్పేస్తుంది, మంచితనం కొద్దీ. అలాంటి పిల్లలకు ముందే ఒక పని అప్పగించండి: దిద్దేటప్పుడు "కలిపి చూడు" అన్న మాట తప్ప ఇంకేమీ మాట్లాడకూడదని. వాళ్లకు అది జవాబు చెప్పడం కంటే కష్టం, అందుకే చేస్తారు.

మూడో తీరు గైడు కార్డులు. ఒకే గైడు చూసి రాస్తే తరగతిలో పది రామాలయాలు, పది మహర్షులు వస్తాయి. రాసే పీరియడులోనే ఒకే పదం మూడోసారి కనబడితే ఆపండి. వాళ్ల పాఠంలోని పద్యం నుంచో, ఇంట్లో వినబడే పేరు నుంచో తెమ్మనండి. పదం ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే చెప్పగలిగిన పిల్లవాడు దాన్ని విడదీయడం కూడా తానే చేసి ఉంటాడు.

కార్డులు దాచడం

ఆట అయ్యాక కార్డుల్ని సంధి పేరును బట్టి కాకుండా చుక్కల్ని బట్టి వేరు చేయండి. గీతలే ఉండి ఒక్క చుక్కా లేనివి తేలిక కార్డులు, ఎనిమిదో తరగతికి ఇచ్చేయవచ్చు. గీతలూ చుక్కలూ కలిసి ఉన్నవే అసలు కట్ట, రబ్బరు బ్యాండు వేసి దాచి, పదిహేను రోజుల తర్వాత అదే తరగతికి మళ్లీ పెట్టండి. ఈసారి పాసు చేసే పీరియడు అక్కరలేదు, నేరుగా వరండాలోకి వెళ్లవచ్చు.

చుక్కలు తప్ప గీతే లేని కార్డులు కొన్ని మిగులుతాయి. వాటిని విడిగా తీసి మీరే కూర్చుని చూడండి. ఒకటి రెండింటిలో కార్డే తప్పు అయి, సంతకాలు దాటి వచ్చేసి ఉంటుంది. మిగతావి ఒకే సంధివైతే, అది మీరు మళ్లీ చెప్పాల్సిన పాఠం. వృద్ధిసంధి ఎక్కువగా ఇక్కడికి చేరుతుంది, పుస్తకాల్లో దానికి ఉదాహరణలు తక్కువ ఉండటం వల్ల. ఏకైక, సమైక్యత, మహౌషధి, దేశౌన్నత్యం బోర్డు మీద వరసగా రాసి, పక్కనే గుణసంధి జంటల్ని నిలబెట్టి చెప్పండి. ఆ తర్వాత రెండో విడతగా గసడదవాదేశం మొదలుపెడితే, కూరగాయ, తల్లిదండ్రులు లాంటి పదాల దగ్గర మూడు ప్రశ్నల్లో రెండోది మాత్రం "ఏ పరుషం దేనిగా మారింది?" అని మారుతుంది. మొదటిదీ మూడోదీ అలాగే ఉంటాయి.